పక్క ఎక్కగానే కాళ్లలో జరజర: రక్తం బాగానే ఉంది, మరి ఐరన్?

నొప్పి అనడానికి లేదు. తిమ్మిరి అందామంటే అదీ కాదు. పిక్కల లోపల, చేత్తో గోకినా అందనంత లోతున ఏదో జరజరా పాకుతున్నట్టు ఉంటుంది. కాలు ఒకసారి చాపి ముడిస్తే పోతుంది, పది సెకన్లకి మళ్లీ వస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తే హాయి, పడుకుంటే మళ్లీ మొదలు. ఈ బాధ ఉన్నవాళ్లని "ఎలా ఉంటుందమ్మా?" అని డాక్టరు అడిగితే సరైన మాట దొరక్క "కాళ్లు లాగేస్తున్నాయండీ" అనేసి ఊరుకుంటారు. చీటీ మీద కాల్షియం, బి కాంప్లెక్స్ పడతాయి. ఇంటికొచ్చాక మామూలే. పిక్కలకి తువ్వాలు బిగించి కట్టుకోవడం, బామ్ రాయించుకోవడం, మనవడిని పిలిచి "ఓసారి ఎక్కి తొక్కరా నాన్నా" అనడం.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే దీని గురించి రాశాడు. ఇప్పుడు వాడుతున్న పేరు మాత్రం 1945లో స్వీడన్ న్యూరాలజిస్టు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ పెట్టింది. ఐరన్ తక్కువగా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తోందని ఆ రోజుల్లోనే గమనించారు. 1950లలో స్వీడన్‌లోనే ఐరన్ ఇంజక్షన్లు ఇచ్చి చూస్తే చాలామందికి కాళ్లు నెమ్మదించాయి కూడా. ఇంత పాత సంగతి మన దగ్గర మామూలు ఓపీల్లో ఇప్పటికీ ఎందుకు జారిపోతోందంటే, మనం చూసే పరీక్ష వేరు, చూడాల్సింది వేరు.

ముందు ఇది అదేనా కాదా అన్నది తేల్చుకోవాలి. దీనికి స్కానింగు లేదు, రక్తపరీక్షా లేదు. రోగి చెప్పేదాన్ని బట్టే తేలుతుంది. కాళ్లు కదపాలన్న ఆరాటం ఆపుకోలేనంతగా ఉండాలి. కూర్చున్నా పడుకున్నా, ఊరికే ఉన్నప్పుడే అది మొదలవ్వాలి. కదిపితే, నడిస్తే, కనీసం ఆ కాసేపైనా తగ్గాలి. పొద్దున కంటే సాయంత్రం, రాత్రి ఎక్కువ కావాలి. ఈ నాలుగూ కలిసి ఉండి, వేరే కారణమేదీ కనపడకపోతే దాదాపు ఇదే.

మన వైపు దీన్ని ఎక్కువగా షుగరు మంటలతో కలిపేస్తారు. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే అరికాళ్లలో మొదలవుతుంది, మంటలు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది, స్పర్శ తగ్గుతుంది, నడిచినంత మాత్రాన పోదు. పిక్క పట్టేయడం ఇంకో రకం: కండ గట్టిగా ముద్దకడుతుంది, ప్రాణం పోయేంత నొప్పి, సాగదీస్తే వదులుతుంది. ఊడ్పుల్లో రోజంతా నిలబడ్డవాళ్లకి సాయంత్రానికి కాళ్లు బరువెక్కి, నరాలు ఉబ్బి, పీకుతాయి చూడండి, అది పడుకుని కాళ్లు ఎత్తు మీద పెట్టుకుంటే తగ్గుతుంది. మన జరజర సరిగ్గా దానికి ఎదురు. పడుకోవడమే దానికి ముహూర్తం. రెండు మూడు బాధలు ఒకే మనిషిలో ఉండొచ్చన్నది వేరే సంగతి, అప్పుడు విడదీసి అడగడానికి ఓపిక కావాలి.

ఇక ఐరన్ దగ్గరికి వద్దాం. ఒక మనిషిని ఊహించుకుంటే సులువుగా అర్థమవుతుంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి పని అయ్యాక లేసు అల్లే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లలో ఒకావిడ అనుకోండి. వయసు 41. పగలంతా తిరుగుతూనే ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం ఏడింటికి దారం ఉండ, సూది పట్టుకుని కాళ్లు చాపి కూర్చుందంటే అరగంటకే పిక్కల్లో మొదలు. లేచి పెరట్లోకి వెళ్తుంది, వస్తుంది, మళ్లీ లేస్తుంది. రాజమండ్రి బస్సు అంటేనే భయం, కిటికీ పక్క సీటులో ఇరుక్కుంటే లేవడానికి ఉండదు. రాత్రి పదింటికి పడుకుంటే ఒంటిగంట దాకా ఇదే తంతు. తెల్లవారుజామున మాత్రం మంచి నిద్ర పడుతుంది, సరిగ్గా లేవాల్సిన వేళకి. నిద్రలో కూడా అర నిమిషానికొకసారి కాలు విదిలిస్తోందని భర్త ఫిర్యాదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఆ విదిలింపులు ఉంటాయి, వాళ్లకి మాత్రం తెలియవు.

రక్తపరీక్ష చేయించింది. "ఎంతుందండీ?" అంటే, "పన్నెండుంది, బాగానే ఉందమ్మా" అన్నారు. నిజమే, ఆమె హిమోగ్లోబిన్ 12.2. ఆడవాళ్లకి 12 దాటితే రక్తహీనత లేనట్టే లెక్క. కథ అక్కడ ఆగిపోతుంది, మామూలుగా అయితే.

హిమోగ్లోబిన్ అంటే వంటింట్లో ఉన్న బియ్యం డబ్బా. ఒంట్లో నిలవ ఉన్న ఐరన్ గాదెలో ధాన్యం. గాదె అడుగంటుతున్నా డబ్బా చాలా రోజులు నిండుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఒళ్లు ముందు రక్తానికే పెడుతుంది. డబ్బా తగ్గడం మొదలయ్యేసరికి గాదె ఖాళీ అయి చాలాకాలం అయి ఉంటుంది. ఆ గాదెను కొలిచే పరీక్ష పేరు సీరం ఫెరిటిన్. మన లేసు ఆవిడకి అది మిల్లీలీటరుకి 16 నానోగ్రాములు వచ్చిందనుకుందాం.

ఇక్కడ రెండో చిక్కు ఉంది. ల్యాబ్ కాగితం మీద ఆడవాళ్లకి నార్మల్ అని 13 నుంచి 150 అనో, 10 నుంచి 120 అనో వేసి ఉంటుంది. 16 ఆ గీతల మధ్యే ఉంది కాబట్టి ఎర్ర అక్షరం పడదు, నక్షత్రం గుర్తు పడదు. రిపోర్టు చూసినవాళ్లు తిప్పేస్తారు. కానీ ఆ గీతలు ఈ జబ్బు కోసం గీసినవి కావు. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్న పెద్దవాళ్లలో ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ ఇచ్చి చూడాలని నిద్ర వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. 16కీ 75కీ ఎంత దూరమో చూడండి. పిల్లల్లో ఆ గీత సుమారు 50.

ఫెరిటిన్ ఒక్కటే చూసినా మోసపోవచ్చు, ఈసారి రెండో వైపు నుంచి. జ్వరం వచ్చినా, ఎక్కడైనా చీము పట్టినా, కీళ్లవాతం ఉన్నా, కాలేయంలో కొవ్వు చేరినా ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది. వానాకాలంలో జ్వరాల సీజను నడుస్తుండగా చేయిస్తే 20 ఉండాల్సింది 120 చూపించొచ్చు. అందుకే దానితో పాటు సీరం ఐరన్, రక్తం మొత్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పే టీఐబీసీ అనే మరో రెండూ చేయించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణిస్తే వచ్చేది ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్. మన ఆవిడకి సీరం ఐరన్ 52, టీఐబీసీ 400 అనుకుంటే 13 శాతం. 20 కంటే తక్కువ ఉంటే, ఫెరిటిన్ పైకి కనిపిస్తున్నా సరే, కొరత ఉందనే అనుకోవాలి. పరీక్షకి పొద్దున్నే పరగడుపున వెళ్లాలి. ముందు రోజంతా ఐరన్ మాత్రలు, ఐరన్ కలిసిన మల్టీవిటమిన్లు, టానిక్కులు మానేయాలి. లేకపోతే సీరం ఐరన్ ఉత్తుత్తిగా పెరిగి కనిపిస్తుంది. జ్వరం తగ్గి రెండు మూడు వారాలు అయ్యాక చేయించడం మేలు.

ఐరన్ తగ్గితే నీరసం రావాలి గానీ కాళ్లలో పాకడమేంటి అన్న అనుమానం సహజం. అసలు గొడవ కాళ్లలో లేదు, మెదడులో ఉంది. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారవ్వాలంటే ఒక ఎంజైము పనిచేయాలి, ఆ ఎంజైముకి ఐరన్ కావాలి. కదలికలను నడిపించే భాగాల్లో ఒకటైన సబ్‌స్టాన్షియా నైగ్రాలో ఈ రోగులకు ఐరన్ తక్కువగా ఉన్నట్టు ఎంఆర్ఐ పరీక్షల్లోనూ, చనిపోయినవాళ్ల మెదడు కణజాలం పరిశీలించినప్పుడూ కనపడింది. వెన్నులోంచి నీరు తీసి చూసినా అందులో ఫెరిటిన్ తక్కువే. దానికి తోడు డోపమిన్ పని తీరూ, రక్తంలో తిరిగే ఐరనూ రోజంతా ఒకేలా ఉండవు, సాయంత్రం నుంచి అర్ధరాత్రి వైపు దిగజారతాయి. జబ్బు గడియారం పెట్టుకున్నట్టు రాత్రే రావడానికి ఇదొక కారణం.

ఇందులోనే ఒక పరిమితి కూడా దాగుంది. కొంతమందికి రక్తంలో, కాలేయంలో ఐరన్ బాగానే ఉంటుంది, మెదడులోకి చేరడమే సరిగ్గా ఉండదు. ఇది వంశంలో నడిచే జబ్బు కూడా. అమ్మకీ, అమ్మమ్మకీ ఉందంటే, అందులోనూ చిన్న వయసులోనే మొదలైతే, ఐరన్ నింపినా పూర్తిగా పోకపోవచ్చు. ఐరన్ ఇస్తే అందరికీ తగ్గుతుందని చెప్పేవాళ్లని నమ్మొద్దు. కానీ తక్కువ ఉన్నప్పుడు అది నింపకుండా మిగతా మందుల వైపు పోవడం మాత్రం అడ్డగోలు వైద్యం.

సరే, నింపడానికి ఎంత కాలం పడుతుంది? మన ఆవిడ లెక్కే వేద్దాం. ఫెరిటిన్ ఒక పాయింటు పెరగాలంటే నిలవలో సుమారు 8 మిల్లీగ్రాముల ఐరన్ చేరాలని ఒక అంచనా. 16 నుంచి 75 దాకా అంటే 59 పాయింట్లు, అంటే దాదాపు 470 మిల్లీగ్రాములు. ఆమెకి నెలసరి ఎక్కువ. నెలకి 80 మిల్లీలీటర్ల రక్తం పోయిందంటే దానితో ముప్పై పైచిలుకు మిల్లీగ్రాముల ఐరన్ పోయినట్టే. రోజు విడిచి రోజు 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే నెలకి 15 మాత్రలు, 900 మిల్లీగ్రాములు. అందులో ఒంటికి పట్టేది ఓ 15 శాతం అనుకుంటే 135. నెలసరిలో పోయింది తీసేస్తే మిగిలేది వంద. అంటే అన్నీ సవ్యంగా జరిగితే నాలుగైదు నెలలు. గాదె నిండేకొద్దీ పేగు పీల్చుకోవడం తగ్గిస్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. ఇది నోటి లెక్కే గానీ, పదిహేను రోజులు మాత్రలు మింగి "నాకు పనిచేయలేదండీ" అని మానేసేవాళ్లకి ఎందుకు పనిచేయలేదో ఇందులో తెలుస్తుంది. మూడు నెలలు వాడాక మళ్లీ పరీక్ష చేయించి చూడాలి.

రోజు విడిచి రోజు ఎందుకంటే, ఒక మాత్ర వేసుకోగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదులుతుంది. అది ఒక రోజు దాకా పేగులో ఐరన్‌కి అడ్డం పడుతుంది. మర్నాడు వేసుకున్న మాత్రలో పట్టేది తగ్గుతుంది, కడుపులో తిప్పడం, మలబద్ధకం మాత్రం పెరుగుతాయి. అయితే డాక్టరు రోజూ వేసుకోమంటే, ముఖ్యంగా గర్భిణులకి, ఆ మాటే వినాలి. మాత్ర కొనేటప్పుడు పెద్ద అక్షరాల అంకె చూడొద్దు, అట్ట మీద ఎలిమెంటల్ ఐరన్ ఎంత అని రాశారో చూడండి. 200 మిల్లీగ్రాముల ఫెరస్ ఫ్యూమరేట్‌లో అసలు ఐరన్ 65 మాత్రమే. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలో 60 ఉంటుంది, ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది, దానిలో లోపమేమీ లేదు.

పరగడుపున, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. మన ఇళ్లలో పని చెడగొట్టేది టీ. లేవగానే ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్ర, ఇవన్నీ ఐరన్‌ని పట్టనివ్వవు. కాల్షియం, ఐరన్ రెండూ ఒకే గుక్కలో మింగేసేవాళ్లు ఎంతమందో. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకోవాలి. గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నవాళ్లకి కడుపులో ఆమ్లం తగ్గి ఐరన్ సరిగ్గా పట్టదు, ఆ మాత్ర నిజంగా ఇంకా కావాలా అని డాక్టర్ని అడగడం మంచిది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడక్కర్లేదు. అయితే తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే అది మాత్ర పని కాకపోవచ్చు, చూపించుకోవాలి.

తిండితోనే నింపుకోవచ్చు కదా అంటారు. బెల్లం తింటే రక్తం పడుతుందన్న మాట మన దగ్గర గట్టిగా నాటుకుపోయింది. ఆత్రేయపురం బెల్లం పూతరేకులు రుచికి తినండి, గాదె నింపుతాయని మాత్రం అనుకోవద్దు. తోటకూర, గోంగూరల్లో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది తక్కువే. మాంసం, కార్జం, చేపల్లోది బాగా పడుతుంది. నిండిన గాదెను తిండి కాపాడుతుంది, ఖాళీ గాదెను నెలల్లో నింపాలంటే మందు కావాలి.

అయితే ఐరన్ ఎటు పోతోందో చూడకుండా పోస్తూ కూర్చుంటే లాభం లేదు. మన ఆవిడకి నెలసరి కారణం కనిపిస్తోంది కాబట్టి గైనకాలజిస్టు చూడాలి. మొలల నుంచి రోజూ కొద్దిగా పోయే రక్తాన్ని సిగ్గుపడి చెప్పని మగవాళ్లు ఉంటారు. నడుం నొప్పికీ, మోకాళ్లకీ మందుల షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి చాటుగా రక్తం కారుస్తాయి. ఇక కొంకిపురుగు. దాని లార్వాలకి నీడ, తేమ, ఇసుక కలిసిన నేల ఇష్టం. కోనసీమ కొబ్బరితోటల్లో నేల చాలాచోట్ల అలాగే ఉంటుంది. తోటల్లో బహిర్భూమికి వెళ్లే అలవాటు ఉన్నచోట, వట్టికాళ్లతో నడిస్తే అవి పాదం చర్మంలోంచి దూరి చివరికి పేగుకి చేరి అక్కడ రక్తం తాగుతాయి. డాక్టరు చెబితే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి సాధారణంగా సరిపోతుంది. చెప్పులు వేసుకోకపోతే మళ్లీ వస్తాయి. మగవాళ్లకి గానీ, నెలసరి ఆగిన ఆడవాళ్లకి గానీ ఐరన్ తగ్గిందంటే మాత్ర రాసి పంపేయకూడదు. జీర్ణాశయం, పెద్ద పేగు ఎండోస్కోపీతో చూడాలి. కేన్సరు మొదటి జాడ కొన్నిసార్లు ఇదే.

అలాగే పరీక్ష లేకుండా ఐరన్ మింగడమూ తప్పే. తలసీమియా అని వంశంలో వచ్చే రక్తలోపం ఒకటుంది, దాన్ని పైకి జబ్బు లేకుండానే మోస్తున్నవాళ్లకి హిమోగ్లోబిన్ 10, 11 దగ్గర ఆగిపోతుంది, కానీ ఫెరిటిన్ మామూలుగానే ఉండొచ్చు. వాళ్లకి ఏళ్ల తరబడి ఐరన్ పోస్తే గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. సాచురేషన్ 45 శాతం దాటినవాళ్లకి ఇవ్వకూడదు.

ఇంకో సంగతి మందుల సంచీ తిరగేసి చూడాలి. నిద్ర పట్టట్లేదని ఇచ్చే మాత్రల్లో కొన్ని ఈ బాధని రెట్టింపు చేస్తాయి. మత్తుగా ఉండే జలుబు, అలర్జీ మాత్రలు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్ మందుల్లో చాలా వాటితో ఇది జరుగుతుంది. "నరాల బలహీనత" అని అమిట్రిప్టిలిన్ రాశారనుకోండి, నిద్ర వస్తుంది, కాళ్లు మాత్రం ఇంకా ఎగురుతాయి. ఆ మందు మొదలుపెట్టాకే ఎక్కువైందా అని గుర్తు చేసుకుని చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

మాత్రలు పడనివాళ్లకి, మూడు నెలల తర్వాత కూడా ఫెరిటిన్ కదలనివాళ్లకి, 75 నుంచి 100 మధ్య ఉండి కాళ్లు నిలవనివాళ్లకి ఐరన్ సెలైన్ ద్వారా ఎక్కించవచ్చు. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ 1000 మిల్లీగ్రాములు ఇవ్వడానికి ఎక్కువ సేపు పట్టదు, కానీ అలర్జీ వస్తే చూసుకోగలిగే ఆసుపత్రిలోనే ఎక్కించుకోవాలి, గర్భం మొదటి మూడు నెలల్లో వద్దు. మర్నాటికే తగ్గాలని ఎదురుచూడొద్దు, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నెలలు నిండేకొద్దీ వచ్చే కాళ్ల ఆరాటం చాలామందికి ప్రసవమయ్యాక పోతుంది. కిడ్నీ రోగుల లెక్కలు వేరు, వాళ్లు కిడ్నీ డాక్టరు చెప్పిందే పాటించాలి.

ఐరన్ నిండినా బాధ మిగిలితే ఇప్పుడు ముందుగా వాడుతున్నవి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. ఒకప్పుడు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ ముందు రాసేవారు, ఇప్పటికీ కొందరు రాస్తారు. మొదటి వారంలో మంత్రం వేసినట్టు పనిచేస్తాయి. నెలలో, ఏళ్లో గడిచాక రాత్రి పదింటికి వచ్చే జరజర సాయంత్రం ఆరింటికే వస్తుంది, తర్వాత మధ్యాహ్నానికి జరుగుతుంది, కాళ్లలోంచి చేతుల్లోకి పాకుతుంది. డోసు పెంచితే నాలుగు రోజులు ఊరట, మళ్లీ ఇంకా ముందుకు. బాధ మొదలయ్యే వేళ ఇలా ముందుకు జరుగుతోందంటే జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర అడగకండి. ఆ మందే దాన్ని పెంచుతోందేమో చూడమని డాక్టరుకి చెప్పండి. ఫెరిటిన్ తక్కువ ఉన్నవాళ్లలోనే ఈ తిరగబెట్టడం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష అప్పుడు మరోసారి చేయించాలి.